“ఏం ఎండండీ బాబూ!” అంటే ఏమని బదులివ్వాలి?

పరిచయం లేని ఇద్దరు బస్టాపులో పక్కపక్కన నిలబడినప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పితే, మొదట వచ్చేది చాలాసార్లు ఎండ మాటో వాన మాటో అవుతుంది. “ఏం ఎండండీ బాబూ!” అన్న మనిషికి తెలియనిది, విన్న మనిషికి తెలియనిది అందులో ఏమీ లేదు. ఇద్దరి నెత్తినా అదే ఎండ. ఇంగ్లండ్‌లో శామ్యూల్ జాన్సన్ 1758లోనే తన ‘ఐడ్లర్’ వ్యాసాల్లో ఈ వింతను పట్టుకున్నాడు. ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు కలిస్తే ముందు వాతావరణం గురించే మాట్లాడుకుంటారనీ, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని ఒకరికొకరు ఆత్రంగా చెప్పుకుంటారనీ రాశాడు.

తెలిసిన సంగతే మళ్ళీ ఎందుకు చెప్పాలన్న ప్రశ్నకు మానవశాస్త్రవేత్త బ్రొనిస్లా మలినోవ్‌స్కీ 1923లో ఒక జవాబిచ్చాడు. పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ళ తరబడి ఉండి అక్కడి జనం మాటతీరును గమనించినవాడాయన. కొన్ని మాటల పని కబురు చేరవేయడం కాదనీ, మనుషులను కలపడమే వాటి పని అనీ ఆయన అన్నాడు. ఎదురుపడిన కొత్త మనిషి మౌనంగా ఉంటే మనసులో చిన్న బెరుకు పుడుతుంది. మంచివాడో కాదో, కోపంగా ఉన్నాడేమో తెలియదు. ఒక్క మాట పడితే ఆ బెరుకు తగ్గుతుంది. ఆ మాటలో ఏముందన్నది అంత ముఖ్యం కాదు.

అయినా అన్ని విషయాలూ ఈ పనికి రావు. ఎడిన్‌బరోకు చెందిన భాషాశాస్త్రవేత్త జాన్ లేవర్ 1975లో ఇలాంటి తొలి పలుకులను మూడు రకాలుగా చూశాడు. తన గురించి చెప్పుకునేవి కొన్ని, ఎదుటివారి గురించి అడిగేవి కొన్ని, ఇద్దరికీ సమానంగా కనిపించే పరిసరాల గురించినవి మరికొన్ని. ఎదుటివారి సంగతి అడగాలంటే కొంచెం చనువో పెద్దరికమో ఉండాలి. ఆఫీసులో పైఅధికారి గుమాస్తాను “పిల్లలు బాగా చదువుతున్నారా?” అని అడగవచ్చు. మొదటిరోజే గుమాస్తా అదే మాట అధికారిని అడగాలంటే జంకుతాడు. ఎండ గురించి మాత్రం ఎవరు ఎవరితోనైనా అనవచ్చు. అది ఎవరి సొంతమూ కాదు, ఎవరి తప్పూ కాదు. దాన్ని తిట్టినా పక్కవాళ్ళకు నొప్పి తగలదు. పరిచయమే లేనిచోట ఇంతకన్నా భద్రమైన మాట దొరకడం కష్టం.

చాలామంది తడబడేది బదులు దగ్గర. విన్న మాటను కబురనుకుని దానికి కబురుతోనే జవాబు చెప్పబోతారు. “మే నెల కదండీ, ఎండ కాయక ఏం చేస్తుంది?” అనేవారుంటారు. ఫోన్ తీసి “నలభై రెండు డిగ్రీలు” అని చదివేవారుంటారు. రెండూ నిజాలే, కానీ అడిగినది అది కాదు. అవతలి మనిషి “ఆఁ” అని అటు తిరిగి చూస్తే, అందించిన చెయ్యి ఖాళీగా వెనక్కు వెళ్ళినట్టే.

సరైన బదులు ఎలా ఉంటుందో అమెరికా పరిశోధకురాలు అనీటా పోమరాంట్జ్ 1984లో ప్రచురించిన పరిశీలనలో చూడవచ్చు. రికార్డు చేసిన మామూలు సంభాషణలను ఆమె వినికిడి వినికిడిగా విడదీసి చూసింది. ఒకరు ఒక అభిప్రాయం చెబితే, ఒప్పుకునేవారు వెంటనే ఒప్పుకుంటారు, సాధారణంగా ఒక మెట్టు పైకెత్తి ఒప్పుకుంటారు. బాగుందన్నదానికి అద్భుతంగా ఉందన్నట్టు. ఒప్పుకోనివారు ముందు కాస్త ఆగుతారు, నసుగుతారు, ఒక్కోసారి మొదట “అవును” అని తర్వాత “కానీ” అంటారు. అందుకే ముక్తసరిగా అన్న “అవునండీ” పూర్తి ఒప్పుకోలులా వినబడదు. ఏదో మిగిలి ఉందన్న అనుమానాన్ని వదిలేస్తుంది.

తెలుగులోనూ ఇదే తీరు చెవినపడుతుంది. విజయవాడ బస్టాండులో మే నెల మధ్యాహ్నం, బెంచీ మీద ఒక పెద్దావిడ పక్కనున్న అమ్మాయితో “ఏం ఉక్కమ్మా ఇది!” అందనుకుందాం.

“చెమటకి బట్టలు ఒంటికి అతుక్కుపోతున్నాయండీ. మా ఏలూరులో పొద్దుటినుంచి కరెంటు కూడా లేదు” అంటుంది అమ్మాయి.

“ఏలూరా మీది? మా చెల్లెలు వాళ్ళూ అక్కడే.”

మూడో మాటకల్లా ఉక్క ఊసే లేదు. అమ్మాయి బదులులో రెండు పనులు జరిగాయి. “ఉక్క” అన్నదాన్ని ఇంకా గట్టిగా చెప్పి ఒప్పుకుంది. తన వైపునుంచి ఒక చిన్న వివరం కలిపింది. ఆ వివరమే పెద్దావిడకు పట్టు దొరికిన చోటు. వివరం లేకుండా మొదటి వాక్యంతోనే ఆగిపోయి ఉంటే, మర్యాదకు లోటు లేకుండానే సంభాషణ అక్కడితో ముగిసేది. మాట పెంచాలని లేనప్పుడు ఇది మంచి పద్ధతి. నవ్వుతూ ఒప్పుకుని, కొత్త సంగతి ఏదీ అందించకుండా ఊరుకుంటే చాలు.

నిజంగా ఒప్పుకోలేనప్పుడు? బ్రిటన్ వెళ్ళిన తెలుగువారికి ఈ చిక్కు ఎదురవుతుంది. ఇరవై డిగ్రీల ఎండలో పక్కింటాయన “ఎంత చక్కటి రోజు, కదూ?” అంటాడు. గుంటూరు నుంచి వచ్చినవారికి అది స్వెట్టరు వేసుకునే చలి. “లేదండీ, చలిగా ఉంది” అంటే నిజమే చెప్పినట్టు, కానీ పలకరింపును తోసేసినట్టు. ఇంగ్లీషువారి ప్రవర్తన మీద 2004లో పుస్తకం రాసిన కేట్ ఫాక్స్ అక్కడి ఆనవాయితీ చెబుతుంది. ముందు ఒప్పుకోవాలి, తేడాను తన సొంత అలవాటుగా చెప్పుకోవాలి. “అవునండీ, ఎండ బాగా కాస్తోంది. నాకే ఇంకా ఈ చలి అలవాటు కాలేదు” అంటే రోజు మీద తగవు లేదు, తేడా అంతా తనలోనే ఉంది. పైగా “మీదే ఊరు?” అన్న ప్రశ్నకు అదే దారి తీస్తుంది.

వాతావరణం మాటలన్నీ ఉత్త పలకరింపులు కావు. వాటిని గుర్తుపట్టే సులువైన గుర్తు ఒకటుంది. అడిగినవారికి ఆ ఆకాశం కనిపిస్తోందా లేదా అన్నదే అది. అనంతపురం రైతు పక్క ఊరి రైతును “మీ వైపు వాన పడిందా?” అని అడిగితే నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. విత్తనం వేయడమా ఆగడమా అన్నది ఆ జవాబు మీద ఉంటుంది. దానికి “ఏం వానలండీ!” అన్నది జవాబు కాదు. ఎప్పుడు పడింది, దుక్కికి పదునైందా, పైపైన తడిసి వదిలేసిందా, ఆ సంగతి చెప్పాలి. అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి “అక్కడ మంచు పడుతోందట కదా, ఎలా ఉన్నారు?” అని తల్లి అడిగినా అంతే. ఆమెకు కనబడని ఆకాశం అది. హీటరు పనిచేస్తోందనీ, పిల్లలు ఇంట్లోనే ఉన్నారనీ చెబితేనే ఆమెకు నిద్రపడుతుంది.

వాన ఎవరికీ నష్టం చేయనంత కాలమే అది అందరి మాట. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో వరి చేతికొచ్చే రోజులు. అలాంటి వారంలో ఆ ఊళ్ళకు వెళ్ళినవారు “వాతావరణం భలే చల్లగా ఉందే” అంటే, నీళ్ళలో పడిన చేను చూసి వస్తున్న మనిషికి అది గాయం మీద కారం. అక్కడ తొలిమాట ఆకాశం గురించి కాదు, “చేను ఎలా ఉందండీ?” అన్నది. బదులుగా ఆ రైతు ఎంతసేపు చెబితే అంతసేపు వినాలి.