థీసిస్‌కు దారి చూపిన ఎనిమిది ఖాళీ గడులు

ఫైనలియర్ మొదలయ్యేసరికి స్టాటిస్టిక్స్ విభాగాల్లో ప్రొఫెసర్లకు ఒకే తరహా ఉత్తరాలు వస్తుంటాయి. ‘మేడమ్, నాకు డేటా అనాలిసిస్ అంటే ఇష్టం. ఇంకా ఎవరూ చెయ్యని మంచి టాపిక్ ఏదైనా చెప్పండి.’ మర్యాదలో లోటుండదు. కానీ ఆ విద్యార్థి ఏ డేటా చూశాడో, ఎక్కడ చిక్కుకున్నాడో అందులో ఉండదు. అందుకే జవాబుగా ఒక పుస్తకం పేరో, ‘ఒకసారి వచ్చి కలవండి’ అన్న మాటో వస్తుంది.

అదే ఉత్తరం ఇంకోలా ఎలా ఉండవచ్చో చూద్దాం. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్న ఓ అమ్మాయి రాసిందనుకుందాం. సనత్‌నగర్, జూపార్క్ లాంటి చోట్ల గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలున్నాయి. వాటి రీడింగులు ఎవరైనా తీసుకోవచ్చు. ఆ పట్టికల్లో అక్కడక్కడా ఖాళీ గడులుంటాయి. కరెంటు పోయినా, యంత్రం మొరాయించినా ఆ గంటల అంకెలు దొరకవు. ఆమె ఉత్తరం ఆ ఖాళీల దగ్గరే మొదలవుతుంది.

‘మేడమ్‌కు నమస్కారాలు. చలికాలంలో ఒక రోజును ఊహించి లెక్క వేశాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 8 గంటల రీడింగులు లేవు. మిగిలిన 16 గంటల పీఎం 2.5 సగటు ఘనపు మీటరుకు 48 మైక్రోగ్రాములు. మన దేశంలో 24 గంటల పరిమితి 60. కాబట్టి ఆ రోజు గాలి పరిమితిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ 8 గంటల అసలు సగటు 90 అయితే రోజు సగటు 62 అవుతుంది. పరిమితి దాటినట్టే కదా!’

ఊహ అయినా ఇది ఉత్తుత్తి లెక్క కాదు. చలికాలం రాత్రుల్లో నేలను ఆనుకుని చల్లగాలి నిలిచిపోతుంది. దానిపై వెచ్చటి గాలి మూతలా కప్పుకోవడంతో పొగ, ధూళి పైకి పోలేవు. అంటే ఖాళీ పడింది మామూలు గంటల్లో కాదు, కాలుష్యం పెరిగే గంటల్లో. పైగా గాలి నాణ్యత సూచీ లెక్కకు కనీసం 16 గంటల రీడింగులుంటే చాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధన. ఈ రోజు ఆ నిబంధనను సరిగ్గా అందుకుంటుంది.

తర్వాత ఆమె తాను చేసిన చిన్న పరీక్ష గురించి రాస్తుంది. ఒక్క ఖాళీ కూడా లేని రోజులను ఏరి, వాటిలో కావాలనే 8 గంటలు చెరిపేసింది. ఒకసారి చీటీలు తీసినట్టు ఎక్కడపడితే అక్కడ, ఇంకోసారి వరసగా రాత్రి గంటలను. రెండుసార్లూ మిగిలిన గంటల సగటుతోనే ఖాళీలు నింపి, అసలు సగటుతో పోల్చింది. మొదటి పద్ధతిలో తప్పు ఒక రోజు అటు, ఒక రోజు ఇటు పోయి, చాలా రోజుల మీద చెల్లుకు చెల్లు అవుతుంది. రెండో దాంట్లో అలా కాదు. రాత్రి కాలుష్యం ఎక్కువగా ఉన్న ప్రతి రోజూ లెక్క కిందికే జారుతుంది. ఎన్ని రోజుల డేటా పోగేసినా ఆ జారుడు పోదు.

ఖాళీ ఎందుకు పడిందన్నది ఎంత ముఖ్యమో డొనాల్డ్ రూబిన్ 1976లోనే ఒక పరిశోధన పత్రంలో సూత్రబద్ధంగా చూపారు. కారణానికి అంకెలతో సంబంధం లేకపోతే చిక్కు తక్కువ. గంట, గాలి వేగం లాంటి మనకు తెలిసిన విషయాలతోనే సంబంధం ఉంటే, వాటి ఆధారంగా సరిదిద్దుకోవచ్చు. పోయిన అంకె పెద్దది కావడమే అది పోవడానికి కారణమైతేనే అసలు కష్టం. ఉదాహరణకు దుమ్ము మరీ ఎక్కువై యంత్రం ఆగిపోవడం. మన చేతిలో ఉన్న డేటాను ఎంత పరీక్షించినా ఈ చివరి రెండింటినీ విడదీసి చెప్పలేం.

ఆమె అడిగే ప్రశ్న ఇక్కడి నుంచే వస్తుంది. ‘పోయిన గంటల సగటు 84 దాటితే చాలు, ఆ రోజు తీర్పు మారిపోతుంది. 84 దాటడం ఎంతవరకు సాధ్యమో పక్క కేంద్రం రీడింగులు, గాలి వేగం, యంత్రం మరమ్మతుల రిజిస్టరు కలిపి అంచనా వేయవచ్చా? ఏడాదిలో ఇలా తీర్పు తారుమారయ్యే రోజులెన్నో చెప్పడం థీసిస్‌కు సరిపోతుందా? నాకున్నది నాలుగు నెలలు. ఒక పేజీ పట్టిక జతచేశాను.’

ఈ ఉత్తరానికి ప్రొఫెసర్ ‘చేయవచ్చు’ అనవచ్చు, ‘రెండు కేంద్రాలకే పరిమితం చేసుకో’ అనవచ్చు, ‘మరమ్మతుల రిజిస్టరు దొరకదు, ఇంకో ఆధారం చూడు’ అనవచ్చు. ఏదన్నా అది పనికొచ్చే జవాబే. ఈ ఏడాది థీసిస్ రాయబోయే విద్యార్థులు ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసే ముందు ఏదో ఒక నిజమైన పట్టిక తెరిచి, అందులో లెక్క ఎక్కడ తప్పుతోందో ఒక్క చోటైనా పట్టుకోండి. ఆ చోటు గురించే అడగండి.