మంత్రి వద్దు, ఏనుగు చాలు

1895లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో వెలువడే ఒక వారపత్రికకు చదరంగం శీర్షిక నడిపే బార్బియర్ తన పాఠకుల ముందు ఒక చిక్కు పెట్టాడు. ఇరవై ఏళ్ల క్రితం లండన్‌లో ఫెంటన్, పాటర్ అనే ఆటగాళ్లు ఆడి డ్రా చేసుకున్న ఆట దానికి మూలం. తెల్లవైపు రాజు, ఒక బంటు ఉన్నాయి. నల్లవైపు రాజు, ఏనుగు ఉన్నాయి. తెల్లబంటు చివరి గడికి చేరి మంత్రి అవుతుంది కదా, అయినా నల్లవాళ్లు ఒక చమత్కారంతో డ్రా చేసుకోగలరని బార్బియర్ చూపించాడు. ఆ నగరంలోనే ఉంటున్న ఫెర్నాండో సావేద్ర అనే స్పెయిన్ దేశపు క్రైస్తవ సన్యాసి దాన్ని చూసి, డ్రా కాదు, తెల్లవాళ్లే గెలుస్తారని తేల్చాడు. ఆయన పేరు చదరంగం పుస్తకాల్లో నిలిచిపోవడానికి ఆ ఒక్క ఎత్తే కారణం.

బంటు చివరి వరుసకు చేరితే దాని స్థానంలో మంత్రి, ఏనుగు, శకటం, గుర్రం, ఈ నాలుగింటిలో దేన్నైనా పెట్టుకోవచ్చు. దాదాపు ఎప్పుడూ అందరూ మంత్రినే తీసుకుంటారు. ఏనుగు నడక, శకటం నడక రెండూ మంత్రిలోనే ఉన్నాయి కాబట్టి అందులో తప్పేమీ లేదు. మరి చిన్న పావును కోరుకోవాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది?

రెండే సందర్భాలు. మొదటిది, మంత్రి మరీ ఎక్కువ గడులను కాపుకాసి, ఎదుటి రాజుకు కదిలే చోటే లేకుండా చేసినప్పుడు. రాజుకు చెక్ లేదు, కానీ వేయడానికి ఒక్క ఎత్తూ లేదు. అదే స్టేల్‌మేట్. ఎంత బలం చేతిలో ఉన్నా ఆట డ్రా. అక్కడ ఏనుగో, అరుదుగా శకటమో పనికొస్తుంది. రెండోది, మంత్రికి రాని గుర్రపు దూకుడు కావలసి వచ్చినప్పుడు.

సావేద్ర సమస్యను ఇప్పుడు పుస్తకాల్లో కొద్ది మార్పుతో ఇస్తారు. బల్ల దగ్గరుంటే పావులు పేర్చుకోండి. తెల్లరాజు బి6లో, తెల్లబంటు సి6లో ఉన్నాయి. నల్లరాజు ఎ1 మూలలో, నల్లఏనుగు డి5లో ఉన్నాయి. ఎత్తు తెల్లవాళ్లది.

బంటు సి7కు వెళ్తుంది. నల్లఏనుగు డి6కు వచ్చి చెక్ చెబుతుంది. ఇక్కడ తెల్లరాజు ఎటు వెళ్లాలన్నదే ప్రశ్న. బి7కు వెళ్తే ఏనుగు డి7కు వచ్చి, రాజును అడ్డం పెట్టుకుని బంటును కదలనివ్వదు. సి5కు వెళ్తే ఏనుగు డి1కు దిగుతుంది. బంటు మంత్రి కాగానే సి1 నుంచి చెక్ చెప్పి, రాజు తప్పుకోగానే వెనకున్న మంత్రిని కొట్టేస్తుంది. అందుకే రాజు బి5కు దిగాలి. డి5 నుంచి చెక్ వస్తే బి4కు, డి4 నుంచి వస్తే బి3కు, డి3 నుంచి వస్తే సి2కు వెళ్లాలి. ఇక ఏనుగుకు దారులు మూసుకుపోయాయి. డి1, డి2, సి3 గడుల్లో ఎక్కడ దిగినా రాజు దాన్ని చంపేస్తాడు.

నల్లవాళ్ల దగ్గర ఇంకొక్క ఉపాయం మిగిలింది. ఏనుగును డి4కు జరుపుతారు. బార్బియర్ చూపిన చమత్కారం ఇదే. తెల్లవాళ్లు సంతోషంగా సి8లో మంత్రిని పెడితే, ఏనుగు సి4కు వచ్చి చెక్ చెబుతుంది. మంత్రి దాన్ని కొట్టక తప్పదు, లేకపోతే తనే పోతుంది. కొట్టాక నల్లరాజును చూడండి. బి1, బి2 గడులను తెల్లరాజు కాపుకాస్తున్నాడు. ఎ2 గడి సి4లో ఉన్న మంత్రి ఏటవాలు చూపులో ఉంది. చెక్ లేదు, ఎత్తూ లేదు. డ్రా.

సావేద్ర చెప్పింది, సి8లో ఏనుగును పెట్టమని. ఏటవాలు చూపు ఏనుగుకు లేదు. సి4లో ఏనుగును బలి ఇచ్చినా, తెల్లఏనుగు దాన్ని కొట్టాక నల్లరాజు ఎ2కు కదలగలడు. కదలగానే తెల్లఏనుగు ఎ4కు వచ్చి చెక్‌మేట్. మరోవైపు ఎ8 నుంచి చెక్ చెప్పే బెదిరింపు కూడా ఉంది. దాన్ని ఆపడానికి నల్లఏనుగు ఎ4కు పరుగెత్తాలి. అప్పుడు తెల్లరాజు బి3కు వస్తాడు. ఆ ఒక్క ఎత్తుతో రెండు పనులు. ఎ4లోని ఏనుగుకు ముప్పు, సి1లో ఏనుగును దింపి చెక్‌మేట్ చేసే ముప్పు. రెండింటినీ ఒకేసారి ఆపడం నల్లవాళ్ల తరం కాదు.

గుర్రం సంగతి వేరు. ఆల్బిన్ కౌంటర్‌గాంబిట్ అనే ఆరంభంలో లాస్కర్ పేరు మీద ఒక ఉచ్చు ఉంది. ఏడో ఎత్తుకే బంటు చివరి గడికి చేరడం అందులోని వింత. తెల్లవాళ్లు డి4, నల్లవాళ్లు డి5. సి4, ఇ5. డి బంటు ఇ5లోని బంటును కొడుతుంది, నల్లబంటు డి4కు దిగుతుంది. ఇక్కడ తెల్లవాళ్లు ఇ3 ఆడితే నల్లశకటం బి4 నుంచి చెక్ చెబుతుంది. తెల్లశకటం డి2లో అడ్డుపడుతుంది. నల్లబంటు తన శకటాన్ని వదిలేసి ఇ3లో కొడుతుంది. ఉచితంగా వచ్చింది కదా అని తెల్లవాళ్లు బి4లో శకటాన్ని చంపితే చిక్కుకున్నట్టే. బంటు ఎఫ్2ను కొట్టి చెక్ చెబుతుంది. రాజు దాన్ని కొడితే డి1లో తన మంత్రికి కాపు పోతుంది. అందుకే ఇ2కు వెళ్తాడు. అప్పుడు బంటు జి1లోని గుర్రాన్ని కొట్టి చివరి వరుసకు చేరుతుంది.

ఇక్కడ మంత్రిని పెడితే చెక్ ఉండదు. తెల్లవాళ్లకు ఊపిరి దొరుకుతుంది. ముందు మంత్రులను మార్చుకుని, ఆ తర్వాత జి1లో కొత్త మంత్రినీ కొట్టేస్తారు. బలాలు సమానమవుతాయి. అదే గుర్రాన్ని పెడితే ఇ2లోని రాజుకు చెక్. తెల్లఏనుగు గుర్రాన్ని కొడితే, నల్లశకటం జి4 నుంచి మళ్లీ చెక్ చెబుతుంది. రాజు తప్పుకోగానే వెనకున్న మంత్రి పోతుంది.

కోరుకోకుండానే చిన్న పావు దక్కిన సందర్భమూ ఉంది. 2017లో కెనడా జాతీయ ఛాంపియన్‌షిప్ టైబ్రేక్ ఆటలో నికొలాయ్ నోరిత్సిన్ బంటును చివరి గడికి చేర్చాడు. చేతికందే చోట మంత్రి కనిపించలేదు. సమయం తరుముతోంది. ఏనుగును తలకిందులుగా పెట్టి మంత్రి అన్నాడు. మన వీధి ఆటల్లో అందరూ చేసేదే. కానీ పోటీ నియమాల్లో తలకిందుల ఏనుగు కూడా ఏనుగే. ఆర్బిటర్ అదే తీర్పు చెప్పాడు. నోరిత్సిన్ ఆ ఆట ఓడిపోయాడు, టైటిల్ ప్రత్యర్థి బాటర్ సంబుయెవ్‌కు వెళ్లింది. ఇలాంటప్పుడు గడియారం ఆపి, మంత్రిని తెప్పించమని ఆర్బిటర్‌ను అడిగే హక్కు ఆటగాడికి ఉంది. కొత్త పావు ఆ గడిని తాకిందంటే మాత్రం ఇక మార్చుకోవడం కుదరదు.

కాబట్టి మీ బంటు ఏడో వరుసకు చేరినప్పుడు రెండు విషయాలు చూసుకోండి. మంత్రిని పెడితే ఎదుటివాడికి ఎత్తు మిగులుతుందా? ఆ గడిలో గుర్రం ఉంటే చెక్ పడుతుందా? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని జవాబు వస్తే ఒక్క క్షణం ఆగండి. ఫోన్‌లో ఆడేవారు ఇంకో పని చేయాలి. బంటు చేరగానే అడగకుండా మంత్రిని పెట్టేసే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంటుంది, దాన్ని ఆపేసుకోండి. అది ఆన్‌లో ఉంటే సావేద్ర ఎత్తు తెలిసినా ఆడే వీలుండదు.