ఒక రాత్రి నిద్ర ధర ఎంత?

మా పక్క వాటాలో ఉండే కుర్రాడు మొన్న ఒక ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చాడు. డిగ్రీ అయి ఏడాదైంది. ఇప్పుడు హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక కాల్ సెంటర్‌లో అమెరికా కస్టమర్లతో మాట్లాడే వాయిస్ ప్రాసెస్‌లో ఉద్యోగం వచ్చింది. షిఫ్ట్ సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజామున 3.30 దాకా.

"నెలకు 31 వేలు బాబాయ్. తెలుగు కస్టమర్ల కాల్స్ చూసే పగటి ఉద్యోగం కూడా ఒకటి వచ్చింది గానీ, చేతికి పద్దెనిమిదిన్నర వేలేనట. దీంట్లో చేరిపోనా?" అన్నాడు.

"ముందు ఆ కాగితం ఇటివ్వు" అన్నాను. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఇలాంటి కాగితం మీ ఇంటికీ వచ్చి ఉంటే ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

కాగితం మీద ఉన్న 31 వేలు కంపెనీ అతని మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం చూపించిన 720, ఇన్సూరెన్స్ ప్రీమియం 480. ఈ 3 వేలూ నెల జీతంలో కనబడవు. ఇంకో 3 వేలు ఇన్సెంటివ్. కాల్ ఎంతసేపట్లో ముగించాడు, కస్టమర్ ఎన్ని మార్కులు వేశాడు, క్వాలిటీ వాళ్లు విన్న కాల్‌లో తప్పులేమైనా దొరికాయా అన్నవి చూసి ఇస్తారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలల్లో ఇది పూర్తిగా అందుకోవడం కష్టం. మరో 3,300 నైట్ అలవెన్స్. రాత్రికి 150 చొప్పున 22 రాత్రులకు లెక్కగట్టారు. సెలవు పెట్టిన రాత్రికి అది రాదు.

ఇవన్నీ తీసేస్తే స్థిరంగా మిగిలేది 21,700. అందులోంచి అతని వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే 19,700. ఒక్క రాత్రి కూడా మానకపోతే అలవెన్స్‌తో కలిపి 23 వేలు. ఇన్సెంటివ్ మొత్తం వస్తే 26 వేలు. పీఎఫ్ పోయిన డబ్బు కాదు, అతని పేరు మీదే ఉంటుంది. కానీ పగటి ఉద్యోగంలోనూ పీఎఫ్ ఉంది, ఇన్సెంటివ్ ఉంది. అందుకని ఆ రెండూ పక్కన పెట్టి, 23 వేలను పద్దెనిమిదిన్నర వేలతో పోల్చాం. తేడా 4,500. రాత్రి పూట టీలకు, తిండికి రోజుకు 70 రూపాయలు వేసుకున్నా 1,540 అక్కడే పోతాయి. మిగిలిన 2,960ని 22 రాత్రులతో భాగిస్తే సుమారు 135 రూపాయలు.

31 వేల కాగితంలో ఒక రాత్రి నిద్రకు కట్టిన అసలు ధర అదీ. కుర్రాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ 135 రూపాయలకు ఒళ్లు ఏం చెల్లిస్తుందో కూడా చూడాలి. మన మెదడులో ఒక గడియారం ఉంటుంది. అది వెలుతురును చూసి నడుస్తుంది. చీకటి పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ పెంచుతుంది, తెల్లారేసరికి ఒంటిని లేపుతుంది. షిఫ్ట్ ముగించుకుని క్యాబ్‌లో ఊరంతా తిరిగి అయిదింటికి ఇల్లు చేరి పడుకునేసరికి, ఆ గడియారం లేవమంటుంది. బయట ఎండ, కుక్కర్ విజిళ్లు, కాలింగ్ బెల్. అందుకే పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో రెండు గంటలో తక్కువే పడుతుంది.

'కొన్నాళ్లకు అలవాటైపోతుంది' అంటారు. చాలామందికి కాదు. కారణం వారాంతపు సెలవులు. ఆ రెండు రోజులూ ఇంట్లోవాళ్లతో పాటే పగలు మేలుకుని రాత్రి పడుకుంటారు. గడియారం సగం తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. పైగా అమెరికాలో నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు ఇక్కడి షిఫ్ట్ రాత్రి 7.30కి మొదలై 4.30కి ముగుస్తుంది. మార్చిలో మళ్లీ మామూలే. ఆఫర్ లెటర్‌లో ఈ మాట సాధారణంగా రాయరు.

తిండి మరో సమస్య. అర్ధరాత్రి దాటాక ఒంట్లో చక్కెరను అదుపు చేసే శక్తి తగ్గుతుంది. పగలు తిన్న బిర్యానీయే రాత్రి రెండింటికి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లలో మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్ట్ పనిని 2007లో, మళ్లీ 2019లో 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి' అనే జాబితాలో పెట్టింది. షిఫ్ట్ చేసినవాళ్లందరికీ జబ్బు వస్తుందని దానర్థం కాదు. ఏడాదో రెండేళ్లో చేయడం వేరు, పదిహేనేళ్లు చేయడం వేరు.

మరి ఎందుకు చేరాలి? పగటి ఉద్యోగం నేర్పనిది ఇది నేర్పితేనే చేరాలి. ఎదుగుదలను ఇలా చూడండి. పదిహేను, ఇరవై మందికి ఒక టీం లీడ్ ఉంటాడు. ఆయన కదిలితేనే ఆ కుర్చీ ఖాళీ. నిటారుగా ఉన్న ఆ మెట్టు అందరికీ దొరకదు. పక్కదారులు నయం. కాల్స్ విని మార్కులు వేసే క్వాలిటీ, కొత్తవాళ్లకు ట్రైనింగ్, ఏ గంటకు ఎంతమంది కావాలో లెక్కగట్టే వర్క్‌ఫోర్స్ విభాగం అలాంటివి. వీటిలో కొన్ని పగలు కూడా ఉంటాయి.

అంతకంటే ముఖ్యం ప్రాసెస్ ఏమిటన్నది. తెర మీది స్క్రిప్ట్ చదివి బిల్లు వివరాలు చెప్పే పనిలో మూడేళ్లున్నా, బయటికొచ్చాక ఇంగ్లిష్ మాట్లాడే ధైర్యం తప్ప పెద్దగా చేతిలో ఉండదు. అదే అమెరికా ఆసుపత్రుల బిల్లులు ఇన్సూరెన్స్ కంపెనీ ఎందుకు తిరస్కరించిందో కనుక్కునే పని, లేదా నెట్‌వర్క్ సమస్యలు సరిచేసే టెక్నికల్ సపోర్ట్ అయితే, ఆ తెలివి మీతోపాటే ఇంకో కంపెనీకి వస్తుంది.

మా కుర్రాడు మర్నాడు హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాడు. షిఫ్ట్ స్థిరమా, వారం వారం మారుతుందా? వేరే విభాగానికి దరఖాస్తు చేసుకోవడానికి ఎన్ని నెలలు ఆగాలి? సొంతంగా మానేస్తే శిక్షణ ఖర్చేమైనా కట్టాలా? వారం వారం మారే షిఫ్ట్ అని చెబితే వద్దనుకుందామని ముందే అనుకున్నాం, ఒంటికి అన్నిటికన్నా కష్టం అదే. స్థిరమేనన్నారు. ఆసుపత్రి బిల్లుల ప్రాసెస్ అని కూడా తెలిసింది. చేరాడు.

చేరేముందు అతనికి చెప్పినవే మీకూ చెబుతాను. క్యాబ్‌లో వచ్చేటప్పుడు తెల్లారిపోతే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, గదికి మందపాటి కర్టెన్ వేయండి. కాఫీ, టీ అర్ధరాత్రితో ఆపేయండి. పెద్ద భోజనం షిఫ్ట్‌కు ముందే చేసి, మధ్యలో తేలికగా తినండి. సెలవు రోజుల్లోనూ వీలైనంత ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవండి. నిద్ర చాలని తెల్లవారుజామున సొంత బండి మీద ఇంటికి రావద్దు. మధుమేహం, మూర్ఛ ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టర్‌ను అడగకుండా ఈ షిఫ్ట్ ఒప్పుకోవద్దు.

పగటి నిద్ర నెల రోజులుగా అయిదు గంటలు దాటకపోయినా, కడుపులో మంట తగ్గకపోయినా, నెలసరి తప్పుతున్నా, ఏడాదికోసారి చేయించే షుగర్ పరీక్షలో అంకె పైకి పోతున్నా, జీతం పెంపు కోసం ఎదురుచూడకుండా పగటి షిఫ్ట్ అడగండి. ఇవ్వకపోతే బయటికి రండి. అవేవీ లేకపోయినా, చేరిన రోజే క్యాలెండర్ తీసి రెండేళ్ల తర్వాత వచ్చే నెల మీద ఒక గీత పెట్టుకోండి. ఆ గీత దాకా వచ్చేసరికి మరో చోట పనికొచ్చే విద్య చేతిలో లేకపోతే, ఆ రాత్రులు 135 రూపాయలకే అమ్ముడుపోయినట్టు.