సీపీ యాంగిల్స్ క్లియర్: ఒక రిపోర్టు టెంప్లేట్ కథ

మన దగ్గర ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నా కవర్లో వచ్చే రిపోర్టు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఊపిరితిత్తులు క్లియర్, గుండె సైజు నార్మల్, సీపీ యాంగిల్స్ క్లియర్, ఎముకలు నార్మల్. ఈ మాటల్ని డాక్టరు మీ కోసం కొత్తగా రాయలేదు. కంప్యూటర్లో ముందే సిద్ధంగా ఉన్న టెంప్లేట్‌లోంచి వచ్చాయవి. అందులో తప్పేమీ లేదు. రోజుకు వందల ఫిల్ములు చూసేవాళ్లకు అది లేకపోతే పని సాగదు. అయితే ఆ వాక్యం పేజీ మీదికి ఎప్పుడు వచ్చింది? ఫిల్మ్ చూశాకా, చూడకముందేనా? రోగి ప్రాణం ఒక్కోసారి ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాల్ని కనిపెట్టింది 1895 నవంబరులో. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో విలియం మోర్టన్ అనే వైద్యుడు తోటి వైద్యుడికి ఒక ఉత్తరం రాశాడు. కిడ్నీలో చెప్పుకోదగ్గ రాయి ఏదీ కనిపించలేదన్నది దాని సారాంశం. మనకు తెలిసిన తొలి రేడియాలజీ రిపోర్టుల్లో అదొకటి. ఏమీ లేదని చెప్పే రిపోర్టు కూడా అంత పాతదన్నమాట. తర్వాత చాలాకాలం రిపోర్టంటే ఉత్తరమే, ఎవరి ధోరణి వారిది. ఒకే నీడను నలుగురు నాలుగు మాటల్లో రాస్తే చదివే డాక్టరు ఏమనుకోవాలి? ఈ బాధతోనే డెట్రాయిట్ రేడియాలజిస్టు ప్రెస్టన్ హికీ, రిపోర్టులకు ఒక ప్రామాణిక పద్ధతి కావాలని 1922లో వ్యాసం రాశాడు. ఆ పిలుపు అమలయ్యేసరికి చాలా దశాబ్దాలు పట్టింది. డిక్టేషన్ టేపులు వచ్చి పోయాయి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చాక, ఒక్క పదం పలికితే నార్మల్ పేరా మొత్తం వచ్చిపడే మాక్రోలు పుట్టాయి. ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం 2008లో టెంప్లేట్ల పని చేపట్టింది. వాటిని ఏ ఆసుపత్రి కంప్యూటరైనా చదువుకునేలా హెచ్‌టీఎంఎల్ రూపంలో రాసే పద్ధతి తర్వాత వచ్చింది. అలాంటి టెంప్లేట్‌లో ఒక చిన్న ముక్క ఇలా ఉండొచ్చు:

```html
<select name="Pneumothorax"
        data-field-type="SELECTION_LIST">
  <option value="none" selected>None</option>
  <option value="right">Right</option>
  <option value="left">Left</option>
</select>
```

న్యూమోథొరాక్స్ అంటే ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య గాలి చేరడం. అది ఉందా లేదా అని ఈ గడి అడుగుతోంది. కానీ మూడో వరుసలోని `selected` అన్న మాట చూడండి. ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే జవాబు "లేదు" అనే ఉంటుంది. అంటే ఫిల్మ్ తెరవకముందే రిపోర్టు ఒక మాట ఇచ్చేసింది.

దీనివల్ల ఏం జరగొచ్చో ఒక కేసు ఊహించి చూద్దాం. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగికి కుడివైపు కాలర్ ఎముక కింది నుంచి సెంట్రల్ లైన్ వేశారు. ఆ సూది పొరపాటున ఊపిరితిత్తి పొరను గుచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అందుకే లైన్ వేశాక ఎక్స్‌రే తీస్తారు. రోగి లేవలేడు కాబట్టి పోర్టబుల్ మెషిన్ తెచ్చి పడుకోబెట్టే తీశారు. రేడియాలజిస్టు ముందు లైన్ కొస ఎక్కడుందో చూశాడు. ఉండాల్సిన చోటే ఉంది. వెతికింది దొరికాక కన్ను అక్కడితో తృప్తిపడే గుణం ఒకటుంది, ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. మిగతాదంతా మాక్రో నింపింది: న్యూమోథొరాక్స్ లేదు, సీపీ యాంగిల్స్ క్లియర్.

మనిషి నిలబడి ఉంటే తప్పించుకున్న గాలి పైకి పోతుంది. ఊపిరితిత్తి శిఖరం దగ్గర సన్నని తెల్లగీత, దాని అవతల ఖాళీ నలుపు కనిపిస్తాయి. పడుకున్న మనిషిలో పైవైపు అంటే ఛాతీ ముందుభాగం, అందులోనూ కింది కొస. గాలి అక్కడికి చేరుతుంది. శిఖరం దగ్గర గీత ఉండకపోవచ్చు. దానికి బదులు కుడివైపు అడుగుభాగం ఎడమకంటే నల్లగా ఉంటుంది, పక్కటెముకలకూ డయాఫ్రానికీ మధ్య మూల బాగా కిందికి లోతుగా దిగుతుంది. దీన్ని డీప్ సల్కస్ సైన్ అంటారు. ఆ మూలనే సీపీ యాంగిల్ అంటారు. న్యూమోథొరాక్స్ వల్ల అది మామూలుకంటే ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది! సీపీ యాంగిల్స్ క్లియర్ అన్న వాక్యం అక్షరాలా నిజమే, రోగి మాత్రం ప్రమాదంలో ఉన్నాడు.

నీటి విషయంలోనూ అంతే. నిలబెట్టి ఎదురుగా తీసిన ఫిల్ములో సీపీ యాంగిల్ మొద్దుబారాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి. పడుకున్నప్పుడు అదే నీరు వీపువైపు పరుచుకుని పల్చటి పొగలా కనిపిస్తుంది, మూల క్లియర్‌గానే ఉండిపోవచ్చు. గుండె కూడా ముందునుంచి తీసే పోర్టబుల్ ఫిల్ములో ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. ప్రతి నార్మల్ వాక్యం వెనకా ఒక షరతు ఉంది. టెంప్లేట్ ఆ షరతును మింగేసి వాక్యాన్ని మాత్రం ఇస్తోంది.

కాబట్టి మంచి టెంప్లేట్ మొదట అడగాల్సింది, ఫిల్మ్ ఎలా తీశారని. పడుకోబెట్టి తీశారని ఎంచుకోగానే నార్మల్ వాక్యం మారాలి: "ఈ ఫిల్ములో న్యూమోథొరాక్స్ కనిపించలేదు, కొద్దిపాటిది ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం." పక్కనే, రెండువైపులా అడుగుభాగాలు పోల్చి చూడమని గుర్తుచేయాలి. ఆ గడిలోంచి `selected` తీసేసి, "లేదు"కు ముందు ఒక ఖాళీ ఎంపిక పెట్టాలి. ఖాళీగా ఉంటే రిపోర్టు సంతకానికి వెళ్లకూడదు.

అయితే అన్ని గడులూ ఇలా ఖాళీగా ఉంచితే ఇంకో చిక్కు. డాక్టరు కన్ను ఫిల్మ్ వదిలి గడుల చుట్టూ తిరుగుతుంది. 2009లో రెసిడెంట్ డాక్టర్లతో మెదడు ఎంఆర్ఐల మీద చేసిన ఒక అధ్యయనంలో, గడులు నింపే సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ల రిపోర్టుల్లో కచ్చితత్వం, సంపూర్ణత రెండూ తగ్గాయి. నన్నడిగితే ఛాతీ ఫిల్ముకు నాలుగు ఖాళీలు చాలు: న్యూమోథొరాక్స్, ట్యూబులూ లైన్ల కొసలు, డయాఫ్రం కింద గాలి, పాత ఫిల్ముతో పోలిక. ఎముకలు నార్మల్ అన్న వాక్యాన్ని మాక్రోకు వదిలినా, అది కూడా చూశాక పలికే మాటే కావాలి.

ప్రమాదం కనిపించాక టెంప్లేట్ చేయాల్సిన పని వేరు. రిపోర్టులో రాసినంత మాత్రాన వార్డుకు తెలిసినట్టు కాదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి 2006లో దీన్ని మూడు రంగులుగా విడదీసింది. టెన్షన్ న్యూమోథొరాక్స్ లాంటివి ఎరుపు, 60 నిమిషాల్లోపు చెప్పాలి. నారింజకు 3 గంటలు. ఊపిరితిత్తిలో కొత్తగా కనిపించిన చిన్న గడ్డ లాంటివి పసుపు, దానికి 15 రోజులు. ఇలా విడదీయకుండా అన్నిటికీ ఎరుపే మోగిస్తే కొన్నాళ్లకు ఎవరూ తలెత్తి చూడరు.

మన కేసులో ఇలాంటి టెంప్లేట్ ఉండి, రేడియాలజిస్టు గాలిని గమనించి "కుడి" అని ఎంచుకుంటే, అది ఎరుపు గడి తెరిచి మూడు అడుగుతుంది: ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలకు, విన్నవారు తిరిగి చెప్పారా. ఫోన్లో డ్యూటీ డాక్టరు "బెడ్ నాలుగు, కుడివైపు న్యూమోథొరాక్స్, అంతేగా సార్?" అని తిరిగి చెబితేనే మూడో గడి నిండుతుంది. కుడి ఎడమలు తారుమారయ్యేది ఇక్కడే, దొరికేదీ ఇక్కడే. వెంటిలేటర్ ప్రతి ఊపిరితోనూ ఇంకాస్త గాలిని అటు నెట్టవచ్చు. అది గుండెను పక్కకు తోసే దశకు చేరి బీపీ పడిపోతుంటే మాత్రం, మంచం పక్కనున్న డాక్టరు ఫోన్ కోసమో ఫిల్ము కోసమో చూడకుండా గాలి తీసేయాల్సిందే.

ఛాతీలో గొట్టం వేశాక మళ్లీ ఎక్స్‌రే వస్తుంది. అందులోనూ కొంచెం గాలి మిగిలే ఉంటుంది, గడిలో మళ్లీ "కుడి" అనే పడుతుంది. ఈసారి పోలిక గడి చూస్తుంది: పాతదే, తగ్గింది, గొట్టం సరైన చోట ఉంది. ఎరుపు మోగదు.