మొదటి గంటే గండం: రొయ్య పిల్ల టబ్బులో ఉప్పు లెక్క

హేచరీలో పెరిగిన వెనామీ రొయ్య పిల్ల దాదాపు సముద్రమంత ఉప్పు నీటికి అలవాటు పడి ఉంటుంది. అదే పిల్ల భీమవరం వైపు చెరువుకు వచ్చేసరికి అక్కడి నీటిలో ఉప్పు చాలా తక్కువ. ఒక్కసారిగా వదిలేస్తే తట్టుకోలేదు. అందుకే పిల్లను ముందు టబ్బులో ఉంచి, మంచినీళ్లు కలుపుతూ ఉప్పును మెల్లగా దించుతారు. ఈ పనిలో ఎన్ని నీళ్లు పోశామన్నది అందరూ గమనిస్తారు. ఎప్పుడు ఎన్ని పోశామన్నది మాత్రం కొందరే గమనిస్తారు. పిల్ల బతకడం ఆ రెండోదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఒక టబ్బులో 500 లీటర్ల నీళ్లున్నాయనుకుందాం. ఉప్పు 30 పీపీటీ, అంటే సుమారుగా లీటరుకు 30 గ్రాములు. మొత్తం 15,000 గ్రాములు, అంటే పదిహేను కిలోల ఉప్పు. ఇప్పుడు ఇందులో ఉప్పు లేని నీళ్లు x లీటర్లు పోశామనుకోండి. ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు, పరుచుకునే నీళ్లు మాత్రం పెరుగుతాయి. కాబట్టి లీటరుకు ఎంత ఉప్పన్నది ఇలా వస్తుంది:

C = 15000/(500 + x)

ఇంటర్మీడియట్ లెక్కల్లో దీన్ని అకరణీయ ప్రమేయం అంటారు. పైన ఒక సంఖ్య, కింద x ఉన్న మరో మొత్తం, రెంటి మధ్య భాగహారం. చూడ్డానికి చిన్న సూత్రమే గానీ, టబ్బు దగ్గర నిలబడ్డవాడికి ఇది రెండు విషయాలు చెబుతుంది.

మొదటిది, ఉప్పు దిగే వేగం ఒకేలా ఉండదు. 30 నుంచి 15కు రావడానికి 500 లీటర్లు చాలు. 15 నుంచి ఏడున్నరకు రావడానికి ఇంకో 1,000 లీటర్లు కావాలి. అక్కడి నుంచి మళ్లీ సగానికి దించాలంటే మరో 2,000. ప్రతి సగానికీ అంతకు ముందు పోసినదానికి రెట్టింపు నీళ్లు. తొలి లీటరు చేసినంత మార్పు ఆఖరి లీటరు చేయదు.

ఇప్పుడు ఒక పైపు పెట్టి నిమిషానికి పది లీటర్ల చొప్పున, ఎక్కడా ఆపకుండా నీళ్లు వదిలామనుకుందాం. గంటకు 600 లీటర్లు. మొదటి గంట చివర టబ్బులో 1,100 లీటర్లుంటాయి, ఉప్పు 13.6కు పడిపోతుంది. అంటే ఒక్క గంటలో పదహారు పీపీటీలకు పైగా దిగిందన్నమాట. రెండో గంటలో అది 8.8కి వస్తుంది, మూడో గంటలో 6.5కి. పైపు ధార మారలేదు, నీళ్లు మారలేదు. అయినా పిల్ల మీద పడ్డ దెబ్బలో పెద్ద వాటా మొదటి గంటదే. ధార సమంగా ఉంది కదా, మార్పు కూడా సమంగానే జరుగుతుందనుకోవడమే ఇక్కడ చేసే పొరపాటు.

దీన్ని తిరగేసి చూద్దాం. గంటకు నాలుగు పీపీటీకి మించి దించకూడదని నియమం పెట్టుకున్నామనుకోండి. 30 నుంచి 26కు దించడానికి మొదటి గంటలో 77 లీటర్లే పోయాలి. రెండో గంటలో 105, మూడో గంటలో సుమారు 150, నాలుగో గంటలో 240 దాకా. అయిదో గంటలో 14 నుంచి 10కి రావడానికి 430 లీటర్లు, ఆరో గంటలో 10 నుంచి 6కు రావడానికి ఏకంగా 1,000 లీటర్లు. అంటే పైపును మొదట సన్నధారగా మొదలుపెట్టి గంటగంటకూ పెంచుకుంటూ పోవాలి. చాలామంది తొందరలో దీనికి ఉల్టాగా, మొదట ధారగా వదిలి తర్వాత తగ్గిస్తారు. ఉప్పు బాగా తగ్గాక మాత్రం గంటకు నాలుగు కూడా ఎక్కువే. అక్కడ నెమ్మదించాలి.

ఇక రెండో విషయం. ఇలా పోస్తూ పోతే ఉప్పు ఎప్పటికి సున్నా అవుతుంది? ఎప్పటికీ కాదు. ఒక పీపీటీకి రావాలంటే టబ్బులో మొత్తం 15,000 లీటర్లుండాలి, అరకు రావాలంటే 30,000. సున్నాకు ఎంతైనా దగ్గరికి వెళ్లొచ్చు, దాన్ని తాకలేం. లెక్కల భాషలో సున్నా దాని అవధి. చేతిలోని రిఫ్రాక్టోమీటర్ ఒక దశ దాటాక సున్నా చూపించినా, ఆ పదిహేను కిలోల ఉప్పు నీళ్లలోనే ఉంటుంది. పరికరం అంత సన్నగా కొలవలేదు, అంతే.

నిజానికి రైతు పోసేది శుద్ధమైన నీళ్లు కాదు, తన చెరువు నీళ్లు. వాటిలో 5 పీపీటీ ఉప్పుందనుకుంటే సూత్రం కొంచెం మారుతుంది:

C = (15000 + 5x)/(500 + x)

x పెరిగేకొద్దీ పైనున్న 15,000కూ కిందనున్న 500కూ విలువ తగ్గిపోయి, మొత్తం 5కు దగ్గరవుతుంది. 500 లీటర్లు పోస్తే 17.5, 2,000 పోస్తే 10, 4,500 పోస్తే ఏడున్నర. ఎన్ని పోసినా 5 కంటే కిందికి దిగదు. ఇది రైతుకు మేలే చేస్తుంది. పోసే నీళ్లలో ఎంత ఉప్పుంటే అదే టబ్బుకు అవధి కాబట్టి, చెరువు నీళ్లే వాడితే చెరువు కంటే తక్కువ ఉప్పులోకి పిల్లను పొరపాటున కూడా దించలేం. బోరు నీళ్లతో త్వరగా దించి, ఆ తర్వాత చెరువులో వదలడంలో ఈ రక్షణ ఉండదు. పైగా బోరు నీళ్లలో పిల్లకు కావలసిన పొటాషియం, మెగ్నీషియం చెరువులో ఉన్నంత లేకపోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. 500 లీటర్లతో మొదలుపెట్టి శుద్ధ నీళ్లతో 6 పీపీటీకి రావడానికి 2,000 లీటర్లు పోయాలంటే 2,500 లీటర్లు పట్టే టబ్బు కావాలి. అంతది లేనివాళ్లు ఒకవైపు పోస్తూ, మరోవైపు పిల్ల పోకుండా వల కట్టి నీళ్లు పొర్లిస్తారు. అప్పుడు ఉప్పు కూడా పొర్లిపోతుంది కాబట్టి పై సూత్రం పనికిరాదు. నీళ్లు బాగా కలుస్తూ, మట్టం 500 లీటర్ల దగ్గరే నిలిచి ఉంటే, 30 నుంచి 6కు రావడానికి సుమారు 805 లీటర్లే చాలు. నీళ్లు ఆదా అవుతాయి, కానీ ఉప్పు ఇంకా వేగంగా దిగుతుంది. పెద్ద టబ్బు లెక్కను పొర్లే టబ్బుకు వాడితే చివరి గంటల్లో పిల్ల నష్టపోతుంది.

లెక్క సరిగ్గానే ఉన్నా కొలత తేడా వస్తే ముందు నీళ్లు కలిశాయో లేదో చూడాలి. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన పొరలా నిలుస్తాయి. గాలి గొట్టం సరిగ్గా పనిచేయకపోతే పైన 12, అడుగున 25 ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే సన్న గొట్టంతో అడుగు నుంచి కూడా కొంచెం నీళ్లు తీసి కొలవాలి. పైనా కిందా ఒకే అంకె వస్తున్నా లెక్కకు సరిపోకపోతే, మొదట 500 అనుకున్న నీళ్లు నిజంగా 500 కాదన్నమాట. కొలతలతో పాటు పిల్లను కూడా చూస్తుండాలి. అద్దంలా ఉండే ఒళ్లు తెల్లబారినా, ఈదడం మాని అడుగున పడి ఉన్నా పైపు వెంటనే కట్టేయాలి. లెక్క ప్రకారం సరిగ్గానే పోస్తున్నామని సరిపెట్టుకోకూడదు.

ఇవన్నీ తేలిక చేసే దారి ఒకటుంది. పిల్లను ఎత్తేముందే మీ చెరువులో ఉప్పెంతో కొలిచి హేచరీవాళ్లకు చెప్పండి. ముందుగా చెబితే వాళ్లే తమ ట్యాంకులో కొంతమేర దించి ప్యాక్ చేస్తారు. 30 బదులు 15తో బయల్దేరిన పిల్లకు మీ టబ్బులో ఆ ప్రమాదకరమైన మొదటి గంట ఉండదు.