ఏ తర్వాత బి, బి తర్వాత సి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ అనే ఊరి దగ్గర, గ్రేట్ సాల్ట్ లేక్ ఉప్పునీళ్ల నుంచి పొటాష్ తీసే కర్మాగారం ఉండేది. అక్కడి కార్మికులు ఒక వారం రాత్రి షిఫ్ట్, మరుసటి వారం సాయంత్రం షిఫ్ట్, ఆ తర్వాతి వారం పొద్దుటి షిఫ్ట్ చేసేవారు. మూడూ అయ్యాక మళ్లీ రాత్రి. నిద్ర చాలడం లేదన్నది వాళ్ల గోడు. నిద్ర మీద పరిశోధన చేసే చార్లెస్ సైస్లర్, మార్టిన్ మూర్-ఈడ్, రిచర్డ్ కోల్‌మన్ ఆ వరుసను తిరగేశారు. పొద్దున, సాయంత్రం, రాత్రి అని ముందుకు నడిపించారు. కొందరికి వారానికోసారి షిఫ్ట్ మారే పద్ధతే ఉంచి దిశ మాత్రం మార్చారు. మిగతావారికి దిశతో పాటు గడువునూ మార్చి, మూడు వారాలకోసారి షిఫ్ట్ మారేలా చేశారు. 1982లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కార్మికులకు ముందుకు నడిచే వరుసే నచ్చింది. మూడు వారాల పద్ధతిలో మరింత మేలు కనిపించింది: పని మానేసి పోయేవాళ్లు తగ్గారు, ఉత్పత్తి పెరిగింది.

పని గంటలు అవే, మనుషులు వాళ్లే. దిశ మారితే ఇంత తేడా ఎందుకు రావాలి?

దీనికి సాధారణంగా చెప్పే జవాబు మన ఒంట్లోని గడియారం. వెలుతురు ఆనవాళ్లు లేకుండా మనిషిని ప్రయోగశాలలో ఉంచి కొలిస్తే, ఆ గడియారం ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. సైస్లర్ బృందమే 1999లో సగటున 24 గంటల 11 నిమిషాలని తేల్చింది. రోజు కాస్త సాగితే ఒళ్లు ఊరుకుంటుంది, కుదిస్తే మొరాయిస్తుంది. మాట నిజమే కానీ, ఎనిమిది గంటల గెంతును 11 నిమిషాలతో వివరించబోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు సంగతి పడుకోబోయే ముందు గంటల్లో ఉంది.

రోజూ మనం పడుకునే వేళకు ముందు రెండు మూడు గంటలు, ఒంట్లోని గడియారం మనల్ని గట్టిగా మేలుకోబెడుతుంది. పగలంతా పోగైన అలసటను అదుపులో ఉంచడానికి చేసే పని అది. ఆ వేళలో పక్క మీద వాలితే కళ్లు మూతపడవు. రెండు నుంచి పది దాకా సాగే బి షిఫ్ట్ వారమంతా చేసినవాడి సంగతి చూడండి. ఇల్లు చేరి, తిని, పడుకునేసరికి రాత్రి ఒంటిగంట. వచ్చే వారం ఆరింటి ఏ షిఫ్ట్. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి కాబట్టి తొమ్మిదిన్నరకే పడుకోవాలనుకుంటాడు. ఒళ్లు మాత్రం పన్నెండు దాటేదాకా నిద్రకు ఒప్పుకోదు. ఫోన్ పక్కన పెట్టినా, దీపం ఆర్పినా దొర్లడమే మిగులుతుంది. అలారం మాత్రం నాలుగున్నరకే మోగుతుంది. మొదటి రోజు నిద్ర నాలుగు గంటలు కూడా పట్టదు.

అదే మనిషి ఏ నుంచి బికి వెళ్తే ఏం జరుగుతుంది? మామూలు కంటే రెండు మూడు గంటలు ఆలస్యంగా పడుకుంటాడు, ఆలస్యంగా లేస్తాడు. పెళ్లిళ్లకూ సినిమాలకూ మేలుకున్నట్టే ఉంటుంది. నిద్రను కాసేపు ఆపగలం కానీ, కావాలన్నప్పుడు రప్పించుకోలేం. ముందుకు నడిచే వరుస మొదటిదాన్ని అడుగుతుంది, వెనక్కి నడిచేది రెండోదాన్ని.

ఇక రోస్టర్ లెక్క. నా దృష్టిలో సగం గుట్టు ఇక్కడే ఉంది. ఏ షిఫ్ట్ ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి పది, సి రాత్రి పది నుంచి పొద్దున ఆరు అనుకుందాం. మధ్యలో సెలవు లేకుండా వెనక్కి మారితే, బి దిగిన మనిషి ఎనిమిది గంటలకే ఏ షిఫ్ట్‌లో నిలబడాలి. ఆ ఎనిమిదిలోనే రానూ పోనూ ప్రయాణం, తిండి, స్నానం, నిద్ర. సి నుంచి బికి వచ్చినా అంతే. ముందుకు మారితే ఏ దిగాక బి ఎక్కడానికి 24 గంటలు దొరుకుతాయి. యూరప్ దేశాల నిబంధనలు రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలంటాయి.

వారానికి ఆరు డ్యూటీలు, ఆదివారం సెలవు ఉన్నచోట లెక్క మరోలా తేలుతుంది. వెనక్కి వెళ్లే వరుసలో సి నుంచి బికి 32 గంటలు, బి నుంచి ఏకి 32 గంటలు, ఏ నుంచి సికి 56 గంటలు ఖాళీ వస్తుంది. శనివారం మధ్యాహ్నం రెండింటికి దిగితే సోమవారం రాత్రి పదికి ఎక్కితే చాలు. ముందుకు వెళ్లే వరుసలో ఏ నుంచి బికి 48, బి నుంచి సికి 48, సి నుంచి ఏకి 24. రెండు వరుసల్లోనూ మొత్తం 120 గంటలే. వెనక్కి తిరిగే రోస్టర్‌ను మార్చబోతే కొందరు కార్మికులే అడ్డం పడటానికి కారణం ఆ 56 గంటలు. ఊరెళ్లి రావడానికి మూడు వారాలకోసారి దొరికే వెసులుబాటును వదులుకోవాలని ఎవరికి ఉంటుంది?

ముందుకు నడిచే వరుసకున్న బలహీనత కూడా ఈ లెక్కలోనే బయటపడుతుంది. సి నుంచి ఏకి దొరికే 24 గంటలు పేరుకే సెలవు. ఆదివారం పొద్దున ఆరింటికి దిగినవాడు పగలు కొంత నిద్రపోయి, ఆ రాత్రి త్వరగా పడుకుని, సోమవారం నాలుగున్నరకు లేవాలి. రాత్రి మేలుకుని పగలు పడుకోవడానికి అలవాటు పడబోతున్న ఒంటికి ఇదే అన్నింటికంటే కష్టమైన మలుపు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో, అర్ధరాత్రి దాటే షిఫ్ట్ చేసేవారికి డ్యూటీ దిగిన వేళ నుంచి వరుసగా 24 గంటలను ఒక రోజు సెలవుగా లెక్కకట్టారు. కాగితం మీద తప్పు లేదు. పక్క మీద మాత్రం అది సెలవు కాదు.

అందుకే దిశ ఒక్కటీ మారిస్తే అన్నీ చక్కబడతాయని అనుకోకూడదు. ఖాళీ గంటలు సమానంగా ఉంచి పోల్చిన కొన్ని అధ్యయనాల్లో రెండు దిశలకూ పెద్ద తేడా కనపడలేదు. అంటే వెనక్కి నడిచే వరుస చేసే చేటులో పెద్ద వాటా ఆ ఎనిమిది గంటల హడావుడిదే. ఎన్నాళ్లకోసారి మారుతున్నామన్నదీ ముఖ్యమే. ఒంట్లోని గడియారం రోజుకు సుమారు గంట చొప్పున జరుగుతుంది కాబట్టి, ఎనిమిది గంటలు జరగడానికి వారం చాలదు. వారానికోసారి మారే చోట, ఒళ్లు కుదురుకునే లోపే మళ్లీ మార్పు వచ్చిపడుతుంది. ఫిన్లండ్‌లో విమానాల మరమ్మతు చేసే సిబ్బందికి ఇంకో దారి వెతికారు. వెనక్కి తిరిగే పాత వరుసను తీసేసి, ఒక రోజు పొద్దున, మర్నాడు సాయంత్రం, ఆ మర్నాడు రాత్రి, తర్వాత సెలవులు పెట్టారు. గడియారాన్ని కదిలించే ప్రయత్నమే మానేశారన్నమాట. నిద్ర, డ్యూటీలో చురుకుదనం మెరుగుపడ్డాయి. వయసు పైబడ్డవారికి ఇది మరీ ఉపకరించింది.

నాలుగు జట్లున్న చోట దీనికి దగ్గరగా వేసుకోగల రోస్టర్ ఒకటుంది: రెండు ఏ, రెండు బి, రెండు సి, రెండు సెలవులు. ఎనిమిది రోజులకు ఒక చుట్టు. సి నుంచి ఏకి 24 బదులు 48 గంటలు వస్తాయి. వరుసగా రెండు రాత్రులకు మించి నైట్ ఉండదు, వారానికి సగటు పని 42 గంటలు. చిక్కల్లా వారానికి ఏడు రోజులు, ఈ చుట్టుకు ఎనిమిది కావడమే. శని, ఆదివారాలు రెండూ కలిసి సెలవు వచ్చేది ఎనిమిది వారాలకోసారి. పిల్లలు బడికి వెళ్లే ఇళ్లలో ముందు దీని గురించే పేచీ వస్తుంది. యూనియన్ మీటింగులో 48 గంటల నిద్ర లెక్క ఎంత బాగా చెప్పినా, మొదట చెయ్యెత్తేవాడు ఆదివారం సంగతే అడుగుతాడు.