పెద్ద చక్రం, ఇరుకు సందు

చెప్పులు కొనేటప్పుడు పొడుగొక్కటే చూసి డబ్బు చెల్లించేవారెవరూ వుండరు. పొడుగు సరిపోయినా మడమ దగ్గర ఒత్తితే ఆ చెప్పు మూలన పడవలసిందే. కాని కారుకు పెద్ద చక్రాలు కొనేటప్పుడు మాత్రం మనం పొడుగొక్కటే అడుగుతాం. “పదిహేను తీసి పదహారు వేయించండి” అంటాం. ఆ పదహారు అంగుళాల చక్రానికి లోపల బ్రేకూ, పక్కన స్ట్రట్టూ చోటిస్తాయా అన్న ప్రశ్న డబ్బు చెల్లించాక గాని పుట్టదు.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన మొయినాబాదులో కాపురముంటారు. మర్రిచెట్ల నీడన బీజాపూర్ రోడ్డు మీద రోజూ చేవెళ్ళకు కారులో వస్తారు. ఆయన కుమారుడు ముచ్చటపడి మొయినాబాదులో ఒక దుకాణంలో పదహారంగుళాల అల్లాయ్ చక్రాలు చూసివచ్చాడు. “పదిహేనే పట్టినప్పుడు పదహారు ఎక్కకేం జేస్తది సార్?” అని దుకాణదారు ధైర్యం చెప్పాడట. మిత్రుడు లెక్కల మనిషి గనుక కొలిచి చూడందే కొననన్నారు. చేవెళ్ళలో వారికి తెలిసిన పాత మెకానిక్కు దగ్గరికి ఒక ఆదివారం ముగ్గురం వెళ్ళాం. స్కేలు పట్టుకునే పని తెలుగు మాస్టారిది.

మెకానిక్కు కారును జాకీ మీద లేపి ముందు చక్రం విప్పాడు. డిస్కును రెండు వైపులా పట్టుకున్న ఇనుప పిడికిలి లాంటిదే బ్రేకు క్యాలిపర్. దానికీ చక్రానికీ మధ్య సందు రెండు దిక్కుల్లో చూడాలి. మొదటిది పైవైపు. హబ్బు నడిమి నుంచి క్యాలిపర్ చివరి అంచు దాకా కొలిస్తే 155 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త రిమ్ము లోపలి గోడ నడిమి నుంచి 172 మిల్లీమీటర్ల దూరంలో వుంది. అంటే 17 మిల్లీమీటర్ల సందు. దుకాణదారు ధైర్యమంతా ఈ కొలత మీదిదే. చక్రం పెద్దదైతే ఈ సందు పెరిగేమాట నిజమే.

రెండవది బయటివైపు. ఇక్కడ చక్రం ఎన్ని అంగుళాలైనా ప్రయోజనం లేదు. స్పోకు వీపు లోపలికి ఎంత వంగి వుందన్నదే లెక్క. మెకానిక్కు హబ్బు ముఖానికి ఆనించి ఒక తిన్నని ఇనుపపట్టీ పెట్టాడు. క్యాలిపర్ ఆ గీత దాటి 6 మిల్లీమీటర్లు బయటికి వచ్చి వుంది. దుకాణంలోని చక్రానికి అదే చోట స్పోకు వెనుక 10 మిల్లీమీటర్ల లోతు వుంది. నాలుగు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. కనీసం మూడుంటే చాలని సాధారణంగా చెప్పే మాట. కుర్రవాడి ముఖం వికసించింది.

“ఆగు బిడ్డా, ప్యాడ్లు చూడు” అన్నాడు మెకానిక్కు.

అసలు కిటుకు అక్కడుంది. మామూలు కార్లలో క్యాలిపర్ కదలకుండా బిగించిన వస్తువు కాదు. పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. బయటివైపు ప్యాడు అరిగినకొద్దీ అది లోపలికి జరుగుతూ పోతుంది. మిత్రుని కారులో ఆ ప్యాడు 4 మిల్లీమీటర్లే మిగిలి వుంది. కొత్త ప్యాడుది 10. అది వేసిన రోజున క్యాలిపర్ 6 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. అప్పుడది హబ్బు గీత దాటి 12 నిలుస్తుంది. స్పోకు లోతు పదే. ఈవేళ హాయిగా తిరిగే చక్రం, ప్యాడ్లు మార్చిననాడు క్యాలిపర్‌ను గుద్దుతుందన్నమాట.

గుద్దితే గీతలు పడతాయని మాత్రమే అనుకోవద్దు. స్పోకు ముందుగా క్యాలిపర్‌కు ఆనుకుంటే చక్రం హబ్బు మీద పూర్తిగా కూర్చోదు. నట్లు బిగిసినట్టే చేతికి తెలుస్తాయి, కాని ఆ బిగువు హబ్బు మీద కాదు. నాలుగు మైళ్ళు నడిచాక అవి వదులవుతాయి. పిల్లలను ఎక్కించుకున్న కారుకు అంతకంటె ప్రమాదమేమున్నది?

ఇక స్ట్రట్టు సంగతి. ముందు చక్రం పక్కన నిలువుగా నిలబడి, స్ప్రింగును మోసే గొట్టమే స్ట్రట్టు. పాత రిమ్ము వెడల్పు ఆరంగుళాలు, ఆఫ్‌సెట్ 45. దుకాణంలోనిది ఏడంగుళాలు, ఆఫ్‌సెట్ 38. రిమ్ము నడిమిగీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి వున్నదో చెప్పేదే ఈ ఆఫ్‌సెట్. అది తగ్గితే చక్రమంతా బయటికి జరుగుతుంది. మిత్రుడు కాగితం మీద లెక్క కట్టారు. వెడల్పు ఒక అంగుళం పెరిగింది గనుక రెండు వైపులా దాదాపు 13 చొప్పున పెరుగుతుంది. ఆఫ్‌సెట్ 7 తగ్గడం వల్ల లోపలి అంచు స్ట్రట్టువైపు 6 మాత్రమే జరుగుతుంది, బయటి అంచు మడ్‌గార్డువైపు 20 జరుగుతుంది. లోపల మిగిల్చిన చోటు బయట వసూలవుతుందన్నమాట.

స్ట్రట్టు దగ్గర 11 మిల్లీమీటర్ల సందుంది గనుక 5 మిగులుతుంది. స్ట్రట్టు చక్రంతోపాటే లేస్తుంది, తిరుగుతుంది. అందువల్ల జాకీ మీద కొలిచిన ఈ సందు గతుకుల్లోనూ అంతే వుంటుంది. కాని మడ్‌గార్డు అలాకాదు. చక్రం పైకి లేచినప్పుడూ, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడూ ఆ సందు మారిపోతుంది. కనుక దాన్ని కారు నేల మీద వుండగా, వెనుక సీటులో మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి.

టైరు మాత్రం వారు సరిగానే ఎంచారు. పాతది 185/65 ఆర్ 15, కొత్తది 195/55 ఆర్ 16. రిమ్ము ఒక అంగుళం పెరిగినా టైరు గోడ తగ్గింది గనుక మొత్తం ఎత్తు రెండింటికీ 621 మిల్లీమీటర్ల దరిదాపే. అదే 195/60 తీసుకుంటే ఎత్తు 19 పెరిగి, టైరు తల స్ప్రింగు గిన్నెకూ, మడ్‌గార్డుకూ 9 మిల్లీమీటర్లు దగ్గరయ్యేది.

ఈ లెక్కలన్నీ దుకాణానికి మోసుకుపోవడానికి మెకానిక్కు ఒక అట్టముక్క కత్తిరించాడు. ఒక అంచు హబ్బు ముఖం, మరొక అంచు క్యాలిపర్ ఆకారం. కొత్త ప్యాడు కోసం ఆరు మిల్లీమీటర్లు అదనంగా వదిలాడు. చక్రాన్ని బోర్లించి, హబ్బుకు ఆనే ముఖానికి ఈ అట్టను తగిలించి చుట్టూ తిప్పితే ఏ స్పోకు అడ్డమొస్తుందో తెలిసిపోతుంది. మొదటి చక్రం ఓడిపోయింది. అదే దుకాణంలో ఆరున్నర అంగుళాల వెడల్పూ, ఆఫ్‌సెట్ 42, స్పోకు వెనుక 17 మిల్లీమీటర్ల లోతూ వున్న మరో చక్రం నెగ్గింది. కొత్త ప్యాడుతో కూడా 5 మిగులుతుంది. స్ట్రట్టువైపు మూడే జరుగుతుంది, మడ్‌గార్డువైపు తొమ్మిది.

అయినా మిత్రుడు టైరెక్కించనివ్వలేదు. టైరెక్కిన రిమ్మును వెనక్కి తీసుకోవడానికి దుకాణదారులు ఒప్పుకోరు మరి. ముందు ఒట్టి రిమ్మును కారుకు బిగించి చూడాలన్నారు. క్యాలిపర్ మీద రెండుచోట్ల చపాతీ పిండి ముద్ద అంటించి, రిమ్ము బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పారు. నలిగిన పిండి మందమే మిగిలిన సందు. తర్వాత ఆ పిండిని పూర్తిగా తుడిచెయ్యాలి, డిస్కుకు మాత్రం ఒక పిసరు కూడా అంటకూడదు.

బ్యాలెన్సింగు చేసేవారు రిమ్ము లోపలి గోడకు అంటించే బిళ్ళల మందం మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. క్యాలిపర్‌కు ఎదురుగా అంటిస్తే అంత సందూ అవే తింటాయి. కనుక బ్యాలెన్సింగు అయ్యాక మరొకసారి చేత్తో తిప్పి వినండి. కొత్త ప్యాడ్లు వేసిననాడు కూడా వినండి. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చినా, టైరు లోపలి గోడ మీద నల్లగా మెరిసే గీత కనిపించినా, కారును ఇంటికి కాదు, మెకానిక్కు దగ్గరికి నడిపించండి.